గ్రీకులో కర్మణిలా కనిపించే కర్తరి క్రియలు: మిడిల్ వాయిస్‌ను గుర్తుపట్టడం ఎలా?

కొత్త నిబంధనను గ్రీకులో చదవడం మొదలుపెట్టిన తెలుగువాళ్లందరూ రెండో నెలలోనో మూడో నెలలోనో ఒకే ప్రశ్న అడుగుతారు. "అపొక్రిథెయిస్ అనే మాటలో కర్మణి గుర్తు 'థే' స్పష్టంగా ఉంది కదా. మరి 'జవాబివ్వబడి' అనకుండా 'జవాబిచ్చి' అని ఎందుకు అనువదిస్తున్నారు?" దానికి సాధారణంగా దొరికే జవాబు "అది డిపొనెంట్, బట్టీ పట్టు" అని. బట్టీ పడితే ఆ ఒక్క మాట గట్టెక్కుతుంది, పక్క వచనంలో ఇంకోటి ఎదురవుతుంది. ఇక్కడ చెప్పే పద్ధతితో ఏ క్రియ ఎదురైనా నాలుగు అడుగుల్లో తేల్చుకోవచ్చు. తెలుగువాళ్లకు ఇందులో ఒక సౌకర్యం కూడా ఉంది, అది నాలుగో అడుగులో తెలుస్తుంది.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

గ్రీకు మూలపాఠం ఒకటి, నిఘంటువు ఒకటి, పెన్సిలు. సంస్కృతంలో పరస్మైపదం, ఆత్మనేపదం అన్న మాటలు విని ఉంటే మంచిదే, లేకపోయినా ఆగిపోయేదేమీ లేదు.

గ్రీకు మాటలను ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాం. హ్రస్వ ఎ అంటే ఎప్సిలాన్, దీర్ఘ ఏ అంటే ఈటా, ఒ అంటే ఓమిక్రాన్, ఓ అంటే ఓమెగా. ఈ తేడా నాగరి లిపిలో సరిగా రాదు, మన లిపిలో చక్కగా పడుతుంది. థ అంటే థీటా.

పేర్ల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకుందాం. కర్తరి, కర్మణి అందరికీ తెలిసినవే. గ్రీకులో ఉన్న మూడో ప్రయోగాన్ని "మధ్యమ" అంటే మధ్యమ పురుషతో కలిసిపోతుంది కాబట్టి మిడిల్ అనే అందాం.

1. క్రియ చివర చూసి గుంపు తేల్చండి

కర్తరి కాని ప్రత్యయాలు రెండు గుంపులు. అర్థం జోలికి వెళ్లకుండా ముందు గుంపు పేరు పెన్సిలుతో రాసుకోండి.

మొదటిది "మై" గుంపు. వర్తమానంలో ఒమై, ఏ, ఎతై, ఒమెథ, ఎస్థె, ఒన్‌తై అని ముగుస్తుంది. భూతకాలంలో ఒమేన్, ఊ, ఎతొ, ఒమెథ, ఎస్థె, ఒన్‌తొ అవుతుంది. ఏయోరిస్టులో "స" చేరే క్రియలైతే సమేన్, సతొ, సన్‌తొ అని వినిపిస్తాయి. సంస్కృతం వచ్చినవారికి ఎతై వినగానే "లభతే" గుర్తుకు రావాలి. ఆ "తే", ఈ "తై" ఒకే మూలం నుంచి వచ్చినవి.

రెండోది "థే" గుంపు. ఏయోరిస్టులో థేన్, థేస్, థే, థేమెన్, థేతె, థేసన్. భవిష్యత్తులో థేసొమై, థేసెతై, థేసొన్‌తై.

వర్తమానంలోనూ, అసంపూర్ణ భూతంలోనూ, పర్ఫెక్ట్‌లోనూ మిడిల్‌కూ కర్మణికీ ఒకటే రూపం. రెండూ మై గుంపే. వేర్వేరు రూపాలు ఉండేది ఏయోరిస్టులోనూ భవిష్యత్తులోనూ మాత్రమే. కాబట్టి వర్తమానంలో "ఇది మిడిలా, కర్మణా?" అని రూపాన్నే పట్టుకుని గంటసేపు చూసినా తేలదు. మూడో అడుగు దాకా ఆగాల్సిందే.

థే గుంపును చూడగానే "కర్మణి" అని రాసేయడం అందరూ చేసే మొదటి తప్పు. "థే గుంపు" అని మాత్రమే రాయండి. పాఠ్యపుస్తకాలు దానికి కర్మణి అని పేరు పెట్టాయి గాని, మొదటినుంచీ ఆ రూపం లేవడం, వెళ్లడం, భయపడటం వంటి పనులకు కూడా వాడుకలో ఉంది.

2. నిఘంటువులో ఏ రూపంలో ఉందో చూడండి

నిఘంటువులో ఆ క్రియ "ఓ" తో ముగిస్తే దానికి కర్తరి రూపం ఉన్నట్టు. బల్లో (వేయు), నిప్తో (కడుగు), ఎగెయిరో (లేపు) ఇలాంటివి. "ఒమై" తో ముగిస్తే ఆ క్రియకు వర్తమానంలో కర్తరి రూపమే లేదన్నమాట. ఎర్ఖొమై (వచ్చు), పొరెవొమై (వెళ్లు), అపొక్రీనొమై (జవాబిచ్చు), గీనొమై (అగు), ఫొబెఒమై (భయపడు), లొగీజొమై (ఎంచు) ఈ రకం. వీటినే పాత వ్యాకరణాలు డిపొనెంట్లు అన్నాయి. లాటిన్‌లో ఆ మాటకు "పక్కన పెట్టేసినవి" అని అర్థం, అంటే ఏదో ఒకప్పుడు ఉన్న కర్తరిని వదిలేశాయని. నిజానికి వీటిలో చాలా క్రియలు వదిలేసిందేమీ లేదు. వాటికి మిడిలే సహజ రూపం.

వీటి అర్థాలు ఒకసారి వరసగా చూడండి: రావడం, వెళ్లడం, భయపడటం, అనుకోవడం, జవాబివ్వడం. కర్త చేసిన పని కర్త మీదే, కర్త ఒంట్లోనో మనసులోనో జరుగుతోంది. పని మొదలైన చోటే ముగుస్తోంది. మిడిల్ గురించి గుర్తుంచుకోవలసిన సిద్ధాంతం ఇంతే.

"ఓ" తో ముగిసిన క్రియలకు నిఘంటువులో మిడిల్ అర్థం విడిగా ఇచ్చారేమో తప్పక చూడండి. హప్తో అంటే వెలిగించు, హప్తొమై అంటే తాకు. అర్ఖో అంటే ఏలు, అర్ఖొమై అంటే మొదలుపెట్టు. అపొదిదోమి అంటే తిరిగి ఇచ్చు, దాని మిడిల్‌కు అమ్ము అని అర్థం. మొదటి అర్థం దగ్గరే నిఘంటువు మూసేస్తే "ఆయన ఆమె చేతిని వెలిగించెను" అని తేలుతుంది. నవ్వులాట కాదు, కొత్తగా నేర్చుకునేవారి నోటుపుస్తకాల్లో ఇలాంటి వాక్యాలు కనిపిస్తూనే ఉంటాయి.

3. క్రియకు అటూ ఇటూ చూడండి

రెండు విషయాలు వెతకాలి.

ఒకటి, "చేత" అనే అర్థంలో హుపొ, దాని తరువాత షష్ఠి విభక్తి. ఉంటే దాదాపు ఎప్పుడూ అసలైన కర్మణే. మార్కు 1:9లో ఎబప్తిస్థే తరువాత "హుపొ ఇయోఅన్నూ" ఉంది, యోహాను చేత అని. ఇక సందేహం లేదు. హుపొ తరువాత ద్వితీయ విభక్తి వస్తే మాత్రం అర్థం "కింద". అది కర్తను చెప్పదు.

రెండు, ద్వితీయా విభక్తిలో కర్మ. మై గుంపు క్రియకు కర్మ ఉంటే అది కర్మణి కాదు, మిడిల్. మత్తయి 27:24లో పిలాతు అపెనిప్సతొ, పక్కనే ద్వితీయలో "చేతులు". చేతులు కడుక్కున్నాడు. కొన్ని క్రియల కర్మ ద్వితీయలో రాదు. హప్తొమై కర్మ షష్ఠిలో వస్తుంది, దాన్నీ కర్మగానే లెక్కపెట్టాలి.

కర్మ పరీక్షకు ఒక మినహాయింపు ఉంది. అప్పగించడం, నేర్పడం వంటి క్రియలకు ఇద్దరు కావాలి, ఎవరికి అన్నది ఒకటి, దేన్ని అన్నది ఇంకొకటి. వీటిని కర్మణి చేసినప్పుడు మనిషి కర్తగా మారతాడు, వస్తువు ద్వితీయలోనే మిగిలిపోతుంది. రోమా 3:2లోని ఎపిస్తెవుథేసన్ ఇటువంటిది: యూదులకు దేవుని మాటలు అప్పగించబడ్డాయి. కర్మ కనిపిస్తున్నా అది కర్మణే.

4. మూడు తెలుగు అచ్చుల్లో పోసి చూడండి

ఇంగ్లీషు ద్వారా గ్రీకు నేర్చుకునేవారికి ఇక్కడ చేతిలో ఏమీ ఉండదు. మనకు మూడు అచ్చులు సిద్ధంగా ఉన్నాయి.

మొదటిది "కొను" అచ్చు. కడుగు, కడుక్కొను. తొడుగు, తొడుక్కొను. కర్త తనకోసమో తనమీదో చేసుకునే పని. లూకా 15:22లో తండ్రి పనివాళ్లతో, తప్పిపోయి వచ్చిన కొడుక్కి వస్త్రం ఎన్‌దుసతె అంటాడు, కర్తరి, "తొడగండి". ఎఫెసీ 6:11లో సర్వాంగ కవచాన్ని ఎన్‌దుసస్థె, మిడిల్, "తొడుక్కోండి". ఒకటి రెండు అక్షరాల తేడాతో గ్రీకు చెప్పేది మనం "కొను" తో చెబుతాం. "మేలుకొను" లాంటి మాటలు మనకూ ఉన్నాయి, వాటినుంచి "కొను" తీసేస్తే క్రియే మిగలదు. తెలుగు డిపొనెంట్లు అనుకోండి.

రెండోది "ఆగు" అచ్చు. ఆపు, ఆగు. లేపు, లేచు. తిప్పు, తిరుగు. మొదటిదానికి కర్మ కావాలి, రెండోది దానంతట అది నిలుస్తుంది. గ్రీకులో ఈ జంటలో మొదటిది కర్తరి, రెండోది చాలాసార్లు మై గుంపులోనో థే గుంపులోనో ఉంటుంది. థే గుంపు కర్మణిలా కనిపించి మోసం చేసేది ఎక్కువగా ఈ అచ్చులోనే.

మూడోది "బడు" అచ్చు. చంపబడు, వేయబడు. అసలైన కర్మణి. పని చేసినవాడు వేరే ఉన్నాడని సందర్భం చెబుతున్నప్పుడే దీన్ని వాడండి. అర్థం తేలాక, తెలుగులో రాసేటప్పుడు "బడు" ను ఉంచాలని లేదు. "స్వస్థపరచబడెను" అన్నా, "బాగయ్యాడు" అన్నా గ్రీకుకు ద్రోహం జరగదు. అర్థం తేల్చుకోవడం ఒక పని, వాక్యం రాయడం ఇంకో పని.

మూడింటిలో ఏది కర్తకూ కర్మకూ సందర్భానికీ అతికితే అదే జవాబు. రెండు అతికితే రెండూ రాసి ప్రశ్న గుర్తు పెట్టుకోండి.

చేసి చూద్దాం: మత్తయి 8:8 నుంచి 15 దాకా

శతాధిపతి సేవకుడి కథ, వెంటనే పేతురు అత్త కథ. ఎనిమిది వచనాల్లో అన్ని రకాలూ దొరుకుతాయి కాబట్టి సాధనకు దీనికి మించిన చోటు లేదు.

8వ వచనం అపొక్రిథెయిస్‌తో మొదలవుతుంది. థే గుంపు. నిఘంటువులో అపొక్రీనొమై, కర్తరి లేదు. చుట్టూ "చేత" లేదు, పక్కనే "శతాధిపతి అన్నాడు" అని ఉంది. బడు అచ్చులో పోస్తే "జవాబివ్వబడి అన్నాడు" అవుతుంది, అతకదు. కాబట్టి "జవాబిచ్చి". ఈ క్రియకే అపెక్రీనతొ అనే మిడిల్ ఏయోరిస్టు కూడా ఉంది, యోహాను 5:17లో చూడవచ్చు. అర్థం అదే, జవాబిచ్చాడు. కొత్త నిబంధనలో థే రూపమే చాలా ఎక్కువ.

అదే వచనం చివర ఇయథేసెతై. మళ్లీ థే గుంపు. నిఘంటువులో ఇయాఒమై, ఇదీ ఒమై రకమే. "డిపొనెంట్ కాబట్టి కర్తరి అర్థం" అన్న సూత్రం పట్టుకుంటే "నా సేవకుడు బాగుచేస్తాడు" అని వస్తుంది. తలకిందులైంది! కర్త సేవకుడు, రోగి అతడే, బాగుచేసేది యేసు మాట. బడు అచ్చే సరిపోతుంది. 13వ వచనంలో ఇయాథే కూడా ఇలాగే, "బాగయ్యాడు". బాగుచేశాడు అని చెప్పాలంటే గ్రీకు మై గుంపు వాడుతుంది: లూకా 9:42లో ఇయాసతొ, ద్వితీయలో "కుర్రవాణ్ని". ఒకే క్రియ మై గుంపులో బాగుచేయడం, థే గుంపులో బాగవడం. డిపొనెంట్ అన్న ముద్ర వేసి వదిలేస్తే పోయేది సరిగ్గా ఈ తేడాయే.

9వ వచనంలో ముందు ఒక ఉచ్చు ఉంది. "హుపొ ఎక్సూసియన్" అని హుపొ కనిపిస్తుంది, కాని తరువాతది ద్వితీయ. "అధికారం కింద" అని అర్థం, కర్త కాదు. తరువాత సైనికులకు ఇచ్చే ఆజ్ఞలు: పొరెవుథేతి అంటే పొరెవెతై, ఎర్ఖూ అంటే ఎర్ఖెతై. "వెళ్లు" అంటే వెళ్తాడు, "రా" అంటే వస్తాడు. మొదటి ఆజ్ఞ థే గుంపు, దాని జవాబు మై గుంపు, అర్థం మాత్రం ఒక్కటే. సైనికుణ్ని ఎవరూ మోసుకెళ్లడం లేదు. థే కర్మణి గుర్తు అని ఇంకా అనిపిస్తుంటే ఈ ఒక్క వచనం చాలు, ఆ నమ్మకం వదులుకోవడానికి.

11, 12 వచనాలను జంటగా చదవండి. అనక్లిథేసొన్‌తై, ఎక్‌బ్లేథేసొన్‌తై. రెండూ థే గుంపు భవిష్యత్తే, రూపంలో అన్నదమ్ముల్లా ఉన్నాయి. మొదటిది అబ్రాహాముతో కలిసి విందుకు కూర్చునేవాళ్ల గురించి. కర్తరి అనక్లీనో అంటే కూర్చోబెట్టు, థే గుంపులో కూర్చొను. ఆగు అచ్చు. రెండోది బయటి చీకటిలోకి పోయేవాళ్ల గురించి. ఎక్‌బల్లో అంటే బయటికి తోసేయు. తమంతట తాము పోయేవాళ్లు కారు, తోసేసేవాడు వేరే ఉన్నాడు. బడు అచ్చు. రూపం ఒకటే అయినా కర్మణి అవునా కాదా అన్నది క్రియ అర్థం, సందర్భం తేలుస్తాయి.

13వ వచనంలో గెనేథేతో, "నీకు అలాగే అవుగాక". గీనొమై క్రియ, ఆగు అచ్చు. ఈ క్రియకు ఎగెనెతొ అని మై రూపమూ ఉంది, ఎగెనేథే అని థే రూపమూ ఉంది. వాటి మధ్య లోతైన తేడా వెతకకండి.

14లో పేతురు అత్త బెబ్లేమెనేన్. పర్ఫెక్ట్ కాబట్టి మై గుంపు, రూపం ఏమీ తేల్చదు. బల్లోకు కర్తరి ఉంది, వేయు. అక్షరాలా "వేయబడి ఉన్న", మన మాటలో మంచాన పడి ఉన్న. బడు అచ్చులో అర్థం తేల్చుకుని, తెలుగులో "పడి" అని రాసుకోవడమే.

15లో రెండు. హేప్సతొ: మై గుంపు ఏయోరిస్టు, కర్మ షష్ఠిలో "ఆమె చేతి", నిఘంటువు మిడిల్ అర్థం తాకు. తరువాత ఏగెర్థే: థే గుంపు, ఎగెయిరో అంటే లేపు. "లేపబడెను" కూడా వ్యాకరణానికి ఒప్పుతుంది, చెయ్యి తాకినవాడు పక్కనే ఉన్నాడు కాబట్టి. కాని వాక్యం "లేచి ఆయనకు ఉపచారం చేయసాగింది" అని నడుస్తోంది. రెండు క్రియలకూ కర్త ఆమే. ఆగు అచ్చు, "లేచింది". ఇదే ఏగెర్థే మత్తయి 28:6లో ఖాళీ సమాధి దగ్గర వస్తుంది. అక్కడ "లేచెను", "లేపబడెను" రెండూ అతుకుతాయి. దేవుడు ఆయన్ను లేపాడని కర్తరిలో చెప్పే వాక్యాలు కొత్త నిబంధనలో వేరేచోట్ల ఉన్నాయి కాబట్టి రెండోదాన్నీ కొట్టిపారేయలేం. రూపం మీదే బరువు పెట్టి ఒకదాన్ని రుజువు చేయబోవడం మాత్రం తప్పు.

ఎక్కువగా జరిగే తప్పు: మిడిల్‌లో లేని అర్థం పిండటం

కొంచెం నేర్చుకున్నాక మొదలయ్యే జబ్బు ఇది. మిడిల్ కనిపించగానే "తనంతట తానే, ఎవరి ప్రమేయమూ లేకుండా" అని నొక్కి చెప్పడం. దీనికి పేరుపడ్డ ఉదాహరణ 1 కొరింథీ 13:8. ప్రవచనాల గురించీ జ్ఞానం గురించీ థే గుంపు క్రియ ఉంది, భాషల గురించి మాత్రం పవుసొన్‌తై అనే మిడిల్. దీన్ని బట్టి "భాషలు వాటంతట అవే అంతరిస్తాయి" అని సిద్ధాంతం కట్టినవారున్నారు.

లూకా 8:24 తీయండి. యేసు గాలినీ అలలనూ గద్దించాడు, అవి ఎపవుసన్‌తొ. అదే క్రియ, అదే మిడిల్. అవి వాటంతట అవే ఆగాయా? గద్దిస్తే ఆగాయి. అసలు విషయం సాదా సీదాది. ఈ క్రియ కర్తరిలో "ఆపు", మిడిల్‌లో "ఆగు". 1 పేతురు 3:10లో నాలుకను ఆపుకోమన్నచోట కర్మ ఉంది కాబట్టి కర్తరి వచ్చింది. కొరింథీ వచనంలో కర్మ లేదు కాబట్టి మిడిల్ వచ్చింది. ఎవరు ఆపుతారన్నది ఆ రూపం చెప్పదు. "వాన ఆగింది" అన్నప్పుడు మనమూ ఎవరు ఆపారో చెప్పడం లేదు కదా.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. వర్తమానంలో ఓ తో ముగిసే కొన్ని మామూలు క్రియలు భవిష్యత్తులో మాత్రం మై గుంపులోకి వెళ్తాయి. లంబనో (తీసుకొను) లేంప్సొమై అవుతుంది, గినోస్కో (తెలుసుకొను) గ్నోసొమై, ఎస్తై అంటే ఉంటాడు. వీటిలో కర్మణి వెతకకండి, ప్రత్యేక భావమూ వెతకకండి. కర్తరి లాగే అనువదించి ముందుకు వెళ్లండి.

సరిగా వచ్చిందో లేదో చూసుకోవడం

కంప్యూటర్లో చదివేవారికి పదాల కింద వ్యాకరణ సంకేతాలు కనిపిస్తాయి. బాగా వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో ఎర్ఖెతైకీ ఎగెనెతొకీ ఇలా ఉంటుంది:

```
V-PNI-3S
V-2ADI-3S
```

గీత తరువాత కాలం, ఆ వెంటనే ఉన్న అక్షరం ప్రయోగం. `M` మిడిల్, `P` కర్మణి, `E` రెండిటిలో ఏదైనా. `D` మిడిల్ డిపొనెంట్, `O` కర్మణి రూపపు డిపొనెంట్, `N` రెండిటిలో ఏదైనా కావచ్చన్న డిపొనెంట్. మొదటి సంకేతంలో కాలం గుర్తు కూడా `P` యే, వర్తమానం అని. దాన్ని కర్మణి అనుకోకండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు డిపొనెంట్ అన్న మాటే వాడవు, రూపాన్ని బట్టి `M` లేదా `P` వేసి వదిలేస్తాయి. అక్కడ `P` అంటే "థే గుంపు" అని చదువుకోవాలి, అర్థం మీరే తేల్చుకోవాలి.

సంకేతం చూడటం మీ జవాబు రాశాకే. ముందే చూస్తే నాలుగు అడుగులూ వృథా.

ఇంకో పరీక్ష: మీ తెలుగు వాక్యాన్ని కర్తరిలోకి తిప్పండి. "సేవకుడు స్వస్థపరచబడెను" ను "ఫలానావాడు సేవకుణ్ని స్వస్థపరిచెను" అని తిప్పగలిగితే, ఆ ఫలానావాడు సందర్భంలో దొరికితే, బడు అచ్చు సరైనదే. "సైనికుడు వెళ్తాడు" ను అలా తిప్పబోతే ఖాళీలో పెట్టడానికి ఎవరూ దొరకరు.

ఈ మూడింటినీ మీరే తేల్చుకోండి. మత్తయి 27:5లో యూదా గురించి అపేంక్సతొ. రోమా 4:3లో అబ్రాహాము గురించి ఎలొగిస్థే, అదే పత్రికలో 3:28లో లొగిజొమెథ.

మొదటిది కొను అచ్చు, ఉరివేసుకున్నాడు. రెండోది బడు అచ్చు, అతని విశ్వాసం నీతిగా ఎంచబడింది. మూడోదానికి నిఘంటువు రూపం రెండోదానిదే, కాని అర్థం "మనం ఎంచుతున్నాం". మూడోదాన్ని "ఎంచబడుతున్నాం" అని రాసుకుని ఉంటే, మూడో అడుగుకు వెనక్కి వెళ్లి ఆ వాక్యంలో ఎంచేది ఎవరో మళ్లీ వెతకండి.